కొసకు ఎన్ని మిల్లీమీటర్లు?

హైదరాబాద్ బాలానగర్‌లో ఒక చిన్న ఫాబ్రికేషన్ షాపులో నేను డ్రాయింగులు గీసే రోజుల్లో ఎనిమిది ఇనప ఫ్రేముల పని వచ్చింది. గోడ వెంబడి కేబుళ్లు మోసే ట్రేకి ఆసరాగా నిలబెట్టాల్సినవి. ఒక్కోటీ ఇంగ్లిషు ఎల్ అక్షరం ఆకారం. అడుగు కాలు 600 మిల్లీమీటర్లు, గోడ వారగా నేల మీద పడుకుని రెండు బోల్టులతో బిగుసుకుంటుంది. నిలువు కాలు 1500 మిల్లీమీటర్లు, గోడకు ఆనుకుని పైకి లేస్తుంది. దాని పైకొసన అడ్డంగా ఒక స్లాటు. గోడలో ముందే దించిన 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు ఆ స్లాటులోంచి బయటికి రావాలి. స్లాటు పొడవు 24. అంటే బోల్టు మధ్యలో ఉంటే అటు ఆరు, ఇటు ఆరు మిల్లీమీటర్ల వెసులుబాటు.

రెండు కాళ్ల మధ్య కోణం 90 డిగ్రీలు అని రాసి, పక్కన ±0.5° అని వేశాను. ఎందుకు వేశానంటే అంతకు ముందు డ్రాయింగులో అలాగే ఉంది. అర డిగ్రీ అంటే కంటికి కూడా ఆనదు కదా అనుకున్నాను.

ఫ్రేములు తయారయ్యాయి. తనిఖీకి వచ్చినాయన డిజిటల్ యాంగిల్ మీటరు పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. 89.8, 90.1, 89.6, 90.4 అలా వచ్చాయి. అన్నీ అర డిగ్రీ లోపే. ఎనిమిదింటికీ పాస్ ముద్ర పడింది. సైటుకు వెళ్లాక మూడు ఫ్రేములకు పై బోల్టు స్లాటులోకి రాలేదు. నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు పోయి గోడలో నిలబడి వెక్కిరించింది. అక్కడి వాళ్లు గ్యాస్ కట్టరు తెచ్చి స్లాటును పొడిగించేశారు. రంగు కాలి, అంచు పళ్లు తేలి, చూడ్డానికి ఎలకలు కొరికినట్టు తయారయింది. బిల్లులో కోత పడింది. డ్రాయింగు ప్రకారం మాత్రం ఎవరి తప్పూ లేదు. తప్పంతా డ్రాయింగుదే, అంటే నాది.

తర్వాత మా వెల్డింగ్ మేస్త్రీ ఆ కాగితం చేతిలోకి తీసుకుని ఒకే మాట అన్నాడు. "డిగ్రీలు జెప్తే నాకేం సమజ్ గాదు సార్. కొసకు ఎన్ని ఎమ్మెమ్ములు పోవచ్చో అది రాయుండ్రి."

ఆ లెక్క చెయ్యడానికి అర నిమిషం కూడా పట్టదు. నేను చెయ్యలేదంతే.

కోణంలో తేడా మూల దగ్గర పుడుతుంది, కొస దగ్గర బయటపడుతుంది. విసనకర్ర విప్పినట్టు. పిడి దగ్గర పుల్లలన్నీ ఒకదానికొకటి అతుక్కునే ఉంటాయి, అంచుకు వచ్చేసరికి జానెడు విడిపోతాయి. పుల్లల మధ్య కోణం మాత్రం పిడి దగ్గరా అంతే, అంచు దగ్గరా అంతే. కాబట్టి "అర డిగ్రీ" అన్నప్పుడు, ఎంత పొడవున్న పుల్లకు అని అడగకపోతే ఆ మాటకు మిల్లీమీటర్లలో అర్థమే లేదు. లెక్క ఇది:

```
d = L × tan(θ)
```

ఇందులో L అంటే మూల నుంచి మనం చూస్తున్న చోటికి అంచు పొడవు. θ అంటే అనుమతించిన కోణం తేడా. d అంటే ఆ చోట అంచు తన సరైన గీత నుంచి అడ్డంగా ఎంత జరగవచ్చో అది. మా ఫ్రేముకు L 1500, θ 0.5. tan(0.5°) విలువ 0.008727. గుణిస్తే 13.09. నేను ధీమాగా రాసిన అర డిగ్రీ, స్లాటు దగ్గర అటు పదమూడు, ఇటు పదమూడు మిల్లీమీటర్లకు అనుమతి ఇచ్చేసింది. స్లాటు ఓర్చుకునేది ఆరు. తనిఖీలో 0.4 డిగ్రీల తేడాతో పాసయిన ఫ్రేము కొస 10.5 మిల్లీమీటర్లు జరిగింది. ఆరు పోను నాలుగున్నర తక్కువ. గోడలో వెక్కిరించిన నాలుగైదు మిల్లీమీటర్లు ఇవే.

tan లేకుండానే నోటి లెక్క చెయ్యవచ్చు. 57.3 అన్న సంఖ్య ఒక్కటి గుర్తుంటే చాలు. ఒక వృత్తం చుట్టుకొలత దాని వ్యాసార్ధానికి సుమారు 6.283 రెట్లు. మొత్తం 360 డిగ్రీలను దానితో భాగిస్తే 57.3 వస్తుంది. అంటే మూల నుంచి 57.3 మిల్లీమీటర్ల దూరాన ఒక్క డిగ్రీ తేడా సరిగ్గా ఒక్క మిల్లీమీటరు జరుపుతుంది. కాబట్టి పొడవును 57.3తో భాగించి, డిగ్రీలతో గుణిస్తే సరి. 1500ను భాగిస్తే 26.2, అందులో సగం 13.1. ఒక మీటరు పొడవుకు ఒక డిగ్రీ అంటే పదిహేడున్నర మిల్లీమీటర్లు. ఇది గుర్తుంచుకున్నా చాలు, మిగతావన్నీ దాని భాగాలే. ఇంకా అడుగులు, అంగుళాల్లోనే ఆలోచించేవాళ్లకు అయిదడుగుల కొసకు డిగ్రీకి ఒక అంగుళం. అయిదడుగులంటే 60 అంగుళాలు, 57.3కు దగ్గర్లోనే ఉంది కాబట్టి కొంచెం ఎక్కువైనా పని జరిగిపోతుంది.

ఇలా భాగించడం tan లెక్కకు ఎంత దగ్గరగా ఉంటుందన్న అనుమానం రావచ్చు. ఒక డిగ్రీ దగ్గర, మీటరు పొడవుకు రెండింటి మధ్య తేడా మిల్లీమీటరులో 500వ వంతు. పది డిగ్రీల దగ్గరికి వెళితే దాదాపు రెండు మిల్లీమీటర్లు అవుతుంది. పది డిగ్రీల టోలరెన్సు ఎవరూ ఇవ్వరు గనక ఈ సంగతి వదిలేయవచ్చు.

వదిలేయకూడనివి వేరే ఉన్నాయి. కంప్యూటర్లో ఎక్సెల్ షీటులో లెక్క వేసేవాళ్లకు మొదటి దెబ్బ తగిలేది డిగ్రీ, రేడియన్ల దగ్గర. TAN అనే ఫార్ములా లోపల డిగ్రీలను అర్థం చేసుకోదు, రేడియన్లే కావాలి. 1500*TAN(0.5) అని కొడితే 819 వస్తుంది. ఒకటిన్నర మీటర్ల కాలు ముప్పాతిక మీటరుకు పైగా పక్కకు వంగిందంటే ఎవరైనా నవ్వుతారు గనక ఆ తప్పు వెంటనే దొరికిపోతుంది. సరైనది ఇలా:

```
=1500*TAN(RADIANS(0.5))
```

దొరకని తప్పు జేబు కాలిక్యులేటరుది. అందులో DEG, RAD కాక GRAD అని మూడో పద్ధతి ఉంటుంది. దాని లెక్కలో లంబకోణానికి 90 కాదు, 100 భాగాలు. పొరపాటున అందులో ఉండగా 0.5 కొడితే జవాబు 11.8 వస్తుంది. సరైన జవాబు 13.1. చూడ్డానికి రెండూ బుద్ధిమంతుల్లాగే ఉంటాయి. అందుకే 57.3తో ఒకసారి నోటి లెక్క చూసుకోవడం నాకు అలవాటయింది.

ఇంకో చిక్కు నిమిషాలది. డిగ్రీలో 60వ వంతును నిమిషం అంటారు. డ్రాయింగు మీద 0°30′ అని ఉంటే అది అర డిగ్రీ. దాన్ని ఎవరో 0.30° అని ఎక్కించుకుంటే అది 18 నిమిషాలే అవుతుంది. 0°5′ను 0.5° అని చదివితే ఆరు రెట్లు వదులైపోతుంది. 1500 కొస దగ్గర మొదటిది 2.2 మిల్లీమీటర్లు, రెండోది 13.1. ఒక చుక్క, ఒక చిన్న గీత తేడా.

ఇక లెక్కలో అసలు తిరకాసు L ఎంత అన్నది. మా ఫ్రేముకు రెండు కాళ్లు. ఒకటి 600, ఒకటి 1500. కోణం తేడా అర డిగ్రీ అన్నప్పుడు తేడా ఏ కొసన కనిపిస్తుంది? కదలకుండా కూర్చున్న కాలు ఏదో దాన్ని బట్టి ఉంటుంది. అడుగు కాలును నేలకు బిగించేస్తే, పాపమంతా నిలువు కాలి పైకొసన 13.1గా తేలుతుంది. అదే ఫ్రేములో నిలువు కాలును ముందుగా గోడకు నిటారుగా బిగిస్తే, అడుగు కాలు కొస నేలకు 5.2 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది లేదా కిందికి దిగుతుంది. ఫ్రేము అదే, కోణం అదే, తేడా మాత్రం రెండు చోట్ల రెండు అంకెలు. డ్రాయింగు గీసేవాడు ఏ కాలు ముందు బిగుసుకుంటుందో తెలుసుకోకుండా మిల్లీమీటర్లు చెప్పలేడు.

వెల్డింగు పనికి వాడే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 13920లో ఈ విషయం సూటిగానే ఉంది. అందులో కోణాల పట్టికను డిగ్రీల్లోనూ, మీటరుకు ఇన్ని మిల్లీమీటర్లు అనీ రెండు రకాలుగా ఇచ్చారు. మా ఫ్రేములాంటి దానికి, అంటే పొట్టి కాలు 400 దాటి 1000 లోపు ఉంటే, బి తరగతిలో ±30 నిమిషాలు, మీటరుకు ±9 మిల్లీమీటర్లు. 30 నిమిషాలకు అసలు లెక్క 8.73, దాన్ని 9 చేశారు. పట్టికలో వరసను ఎంచుకోవడానికీ, ఆ 9తో గుణించడానికీ తీసుకోవలసింది పొట్టి కాలి పొడవు. ఇక్కడే పొరపాటు పడతారు. 0.6 మీటర్లను 9తో గుణిస్తే 5.4 వస్తుంది, ప్రమాణం హామీ ఇచ్చేది ఆ పొట్టి కొసన అంతే. పొడుగు కాలు కొసన ఏం జరుగుతుందో అది మనం విడిగా వేసుకోవలసిన లెక్క. నేను రాసిన అర డిగ్రీ ఈ బి తరగతితో సరిగ్గా సమానం. అంటే వెల్డింగు షాపుకు అది న్యాయమైన టోలరెన్సే. స్లాటుకు న్యాయం కాదు, అంతే.

మిషను మీద కోసే పనులకు ఐఎస్ఓ 2768 మొదటి భాగం, మన దేశంలో ఐఎస్ 2102. అందులో మామూలు తరగతి పట్టిక చూస్తే ముచ్చటేస్తుంది. పొట్టి అంచు 10 మిల్లీమీటర్ల లోపైతే ±1 డిగ్రీ. 50 లోపైతే 30 నిమిషాలు. 120 లోపైతే 20. 400 లోపైతే 10. ఆపైన 5. పొడవు పెరిగేకొద్దీ కోణం బిగుస్తోంది. వీటిని కొసల దగ్గర మిల్లీమీటర్లలోకి మార్చి చూడండి: 10కి 0.17, 50కి 0.44, 120కి 0.70, 400కి 1.16. పొడవు 40 రెట్లు పెరిగినా తేడా ఏడు రెట్లు కూడా కాలేదు. ఆ పట్టిక రాసినవాళ్లు డిగ్రీల్లో రాస్తూనే కొస మీద ఒక కన్నేసి ఉంచారని నా అనుమానం.

మా కథలో తనిఖీ సంగతి మిగిలిపోయింది. తేడా మిల్లీమీటర్లలో చెప్పాక కొలవడం కూడా మిల్లీమీటర్లలోనే కావాలి, పైగా కొస దగ్గరే కావాలి. మూల దగ్గర కొలిచి కొసకు సాగదీస్తే కొలతలోని తప్పు కూడా సాగుతుంది. 150 మిల్లీమీటర్ల మూలమట్టం, మా షాపులో గునియా అనేవాళ్లు, దాన్ని మూలలో ఆనించి చూస్తే దాని చివర 0.3 మిల్లీమీటర్ల సందు కనపడిందనుకుందాం. మంచి కన్నున్నవాడే పడతాడు ఆ సందును. కొస పదింతల దూరాన ఉంది గనక అక్కడ అది మూడు మిల్లీమీటర్లు. డిజిటల్ యాంగిల్ మీటరు ఒక దశాంశం వరకే చూపిస్తుంది. ఆఖరి అంకెలో ఒక్క మెట్టు తప్పు చూపినా 1500 కొసన 2.6 మిల్లీమీటర్లు.

ఇంకా పెద్ద మోసం వంగిన గొట్టంతో వస్తుంది. ఒకటిన్నర మీటర్ల చదరపు గొట్టం నడుమ రెండు మిల్లీమీటర్లు విల్లులా వంగి ఉండటం వింతేమీ కాదు. అలా వంగినప్పుడు రెండు కొసలూ సరైన చోటే ఉన్నా, అడుగున గొట్టం దిక్కు దాదాపు 0.3 డిగ్రీలు ఒక పక్కకు, పైన అంతే రెండో పక్కకు చూస్తుంది. కింద మీటరు ఆనిస్తే 90.3, పైన ఆనిస్తే 89.7. రెండూ నిజాలే. బోల్టుకు కావలసిన నిజం మాత్రం మూడోది, స్లాటు ఎక్కడుందన్నది.

మరి టేపు పట్టి ఐమూల కొలిస్తే? తాపీ పనివాళ్లు మూడు, నాలుగు, అయిదు లెక్కతో పునాది మూలలు కలిపేది అలాగే కదా. 600, 1500 కాళ్లకు ఐమూల 1615.5 రావాలి. కాని ఇక్కడ ఒక ఇబ్బంది ఉంది. కొస ఆరు మిల్లీమీటర్లు జరిగితే ఐమూల మారేది 2.2 మిల్లీమీటర్లే. అంటే టేపు తేడాను దాచిపెడుతుంది. టేపు చదవడంలో ఒక్క మిల్లీమీటరు తప్పితే కొసన 2.7 తప్పినట్టు. రెండు కాళ్లూ సమానంగా ఉన్నప్పుడు ఐమూల బాగా పలుకుతుంది, ఒకటి పొట్టిదైతే గొంతు తగ్గిస్తుంది.

మా మేస్త్రీ పద్ధతి వేరు. వెల్డింగు బల్ల చదునుగా ఉంటుంది. దాని అంచుకు అడుగు కాలును ఆనించి, ఫ్రేమును పడుకోబెట్టి, నిలువు కాలు ఒక పక్క అంచు వెంబడి సుద్దతో కొస వరకు గీత గీస్తాడు. ఆ తర్వాత ఫ్రేమును బోర్లా తిరగేసి, అడుగు కాలును మళ్లీ అదే బల్ల అంచుకు ఆనించి, కాలు మొదట్లో గీత దగ్గరికి ఆ అంచునే జరిపి మళ్లీ గీస్తాడు. కోణం నిజంగా 90 అయితే రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. లేకపోతే కొస దగ్గర విడిపోతాయి, ఆ సందు అసలు తేడాకు రెట్టింపు. గీతల మధ్య పన్నెండుంటే ఫ్రేము ఆరు తప్పింది. దీనికి మీటరూ అక్కర్లేదు, మూలమట్టమూ అక్కర్లేదు. బల్ల అంచు ఒక్కటి తిన్నగా ఉంటే చాలు. పైగా చిన్న తేడాను రెండింతలు చేసి చూపిస్తుంది. వడ్రంగులు కొత్త మూలమట్టం కొన్నప్పుడు దాన్ని ఇలాగే తిరగేసి పరీక్షిస్తారు, అదే కిటుకు పెద్ద ఫ్రేముకు.

నిలబెట్టి చూడాలంటే పైనుంచి దారానికి గుండు కట్టి వేలాడదీసి, గొట్టానికీ దారానికీ మధ్య దూరం కింద ఒకసారి, స్లాటు దగ్గర ఒకసారి కొలిచి తేడా తీసుకోవాలి. అప్పుడు అడుగు కాలు రసమట్టానికి సరిగా కూర్చోవాలి. 600 పొడవులో ఒక చివర ఒక్క మిల్లీమీటరు ఎత్తుంటే పైన రెండున్నర మిల్లీమీటర్లు అయిపోతుంది, 1500లో 600 రెండున్నర సార్లు ఉంది గనక.

ఈ రెండున్నర అన్న సంఖ్యే తర్వాత నాకు అసలు పాఠం చెప్పింది. రెండో విడత ఫ్రేముల ఆర్డరు వచ్చినప్పుడు, ఈసారి వెనక నుంచి లెక్క మొదలుపెట్టాను. బోల్టు దగ్గర ఉన్నది ఆరు మిల్లీమీటర్లు. 1500కు ఆరు అంటే 0.23 డిగ్రీలు, దాదాపు 14 నిమిషాలు. ±0.5ను చెరిపి ±0.2 అని రాసేద్దామనుకున్నాను. కాని ఆ ఆరును తినేది కోణం ఒక్కటే కాదు. గోడలో రంధ్రం వేసేవాడు ఒకటి రెండు మిల్లీమీటర్లు తప్పుతాడు, డ్రిల్లు బిట్టు ఇటుక కన్నా మెత్తని చోటుకు జారుతుంది. రెండనుకుందాం. నేల మీద అడుగు కాలు ఒక మిల్లీమీటరు ఎగుడుదిగుడు, పైన రెండున్నర. రెండూ పోతే కోణానికి మిగిలింది ఒకటిన్నర. 1500లో ఒకటిన్నర అంటే మూడున్నర నిమిషాలకు కాస్త తక్కువ. వెల్డు చేసిన ఫ్రేముకు అది ఎవరూ పట్టుకోలేరు. ఆ వెల్డింగు ప్రమాణంలో అన్నిటికంటే బిగువైన ఎ తరగతి కూడా ఈ పొడవుకు 15 నిమిషాలు ఇస్తుంది.

అన్ని తేడాలూ ఒకే పక్కకు, ఒకేసారి వస్తాయా అని అడగవచ్చు. ఎనిమిది ఫ్రేముల్లో చాలావాటికి రావు. కాని మూడు ఫ్రేములు గోడ దగ్గర ఆగిపోయిన తర్వాత ఆ వాదన చెయ్యడానికి నాకు నోరు రాలేదు.

కాబట్టి బిగించాల్సింది కోణాన్ని కాదు, పెంచాల్సింది స్లాటును. కోణానికి కొసన ఆరు, గోడ రంధ్రానికి రెండు, నేలకు రెండున్నర, మొత్తం పదిన్నర. పదకొండు తీసుకుంటే స్లాటు పొడవు 12కు 22 కలిపి 34. పది మిల్లీమీటర్లు పొడుగు స్లాటు కొట్టడానికి పైసా ఖర్చు లేదు. సైటులో గ్యాస్ కట్టరుతో చేసిన పనే, షాపులో శుభ్రంగా, ముందుగా.

డ్రాయింగు మీద ఈసారి డిగ్రీల టోలరెన్సు తీసేశాను. అడుగు కాలు కింది ముఖాన్ని ఆధారంగా పెట్టి, నిలువు కాలికి లంబత్వం టోలరెన్సు 6 మిల్లీమీటర్లు అని ఇచ్చాను. ఈ రెండు పద్ధతులకూ ఒక తేడా ఉంది. కోణం టోలరెన్సు విసనకర్ర, మూల దగ్గర సున్నాకు ఇరుకైపోతుంది. లంబత్వం టోలరెన్సు ఆరు మిల్లీమీటర్ల వెడల్పున్న సందు, నేల నుంచి పైదాకా ఒకటే వెడల్పు. కాలు ముఖం మొత్తం ఆ సందులో ఇమిడితే చాలు. ఒక పక్కకు ఒరిగినా, రెండో పక్కకు ఒరిగినా కొస మొదలుకన్నా ఆరుకు మించి జరగలేదు. గొట్టం విల్లులా వంగినా ఆ వంపు కూడా ఇందులోనే లెక్కకు వస్తుంది, కోణం మీటరులాగా తప్పించుకోలేదు. ఆరు అని రాస్తే అటు మూడు, ఇటు మూడు అని కొందరు అనుకుంటారు. సందు వెడల్పు ఆరు గనక ఒరుగు ఏ వైపుకైనా ఆరు దాకా రావచ్చు. ఈ ముక్క మేస్త్రీకి బల్ల మీద సుద్దతో గీసి చూపిస్తే గాని నాకే స్థిరపడలేదు.

కోణం 90 కానప్పుడు ఒక జాగ్రత్త. ఒకటిన్నర మీటర్ల కమ్మీ 45 డిగ్రీల్లో వాలి ఉందనుకోండి, తేడా అదే అర డిగ్రీ. కమ్మీకి అడ్డంగా కొలిస్తే జరుగుడు 13.1 మిల్లీమీటర్లే. కాని మనిషి టేపును కమ్మీకి అడ్డంగా పట్టుకోడు, కొస ఎత్తులో నేలకు సమాంతరంగా పడతాడు. అప్పుడు కమ్మీ 18.5 జరిగినట్టు కనిపిస్తుంది. లెక్క తప్పలేదు, టేపు ఏటవాలుగా కోసింది. ఏ దిక్కున కొలవాలో డ్రాయింగు మీద బాణం గుర్తు పెట్టకపోతే ఇద్దరు మనుషులు ఒకే ఫ్రేము దగ్గర పోట్లాడుకుంటారు.

ఇళ్లలో ఇదంతా ఎవరికి కావాలంటే, గేటు నేలకు గీసుకుంటున్న ప్రతివాళ్లకూ. మూడు మీటర్ల గేటు రెక్క, దానికి పైనా కిందా రెండు బందులు, వాటి మధ్య 1.2 మీటర్లు. పై బందు రెండు మిల్లీమీటర్లు అరిగితే రెక్క ఒరిగే కోణం 0.1 డిగ్రీ లోపే, కొస మాత్రం అయిదు మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. గచ్చు మీద తెల్లటి చాపం పడేది అందుకే. చాలామంది కొసన చక్రం వేయిస్తారు. అరిగింది బందు దగ్గర.

ఇక మా రెండో విడత. వెల్డు పడ్డ పక్కకు ఇనుము చల్లారుతూ ముడుచుకుని కాలును లాగుతుంది, ఇది తప్పదు. అందుకని టాకులు వేసేటప్పుడే కాలును అవతలి పక్కకు కాస్త తోసి పట్టుకోవాలి. ఎంత తొయ్యాలన్నది డిగ్రీల్లో చెబితే ఎవరికీ చేతికి రాదు. మేస్త్రీ ఫిక్చరులో పైకొస దగ్గర ఒక ఆనకం వెల్డు చేసి, సరైన గీతకు నాలుగు మిల్లీమీటర్లు బయటికి పెట్టాడు. మొదటి ఫ్రేము చల్లారాక తిరగేసి గీస్తే గీతల మధ్య అయిదు వచ్చింది, అంటే రెండున్నర లోపలికి లాగింది. ఆనకాన్ని ఇంకో రెండు బయటికి జరిపాడు. రెండో ఫ్రేముకు గీతల మధ్య ఒకటి. ఇక చాలని ఆనకం పక్కన గొట్టం మీద సుద్దతో 6 అని రాసుకుని, మిగతా ఆరింటినీ అక్కడే పట్టి వెల్డు చేశాడు.